ఏసీ కొనేముందు సర్వీసు ఎంత దూరమో చూడండి
చిన్న పట్టణాల కొనుగోలుదారులు వారంటీ పత్రంలో గమనించవలసిన అంశాలు

వేసవి సమీపించగానే పట్టణాల్లోని ఎలక్ట్రానిక్ దుకాణాలు ఏసీల కొనుగోలుదారులతో కళకళలాడుతుంటాయి. ధర ఎంత, ఎన్ని నక్షత్రాలు, వాయిదాలు ఎన్ని అన్న ప్రశ్నలకు డీలర్లు తడుముకోకుండా జవాబు చెబుతారు. రెండేళ్ల తర్వాత మే నెలలో యంత్రం ఆగిపోతే ఎవరు వస్తారు, ఎంత దూరం నుంచి వస్తారు, కావలసిన భాగం ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. నగరవాసికి ఈ ప్రశ్న అంత ముఖ్యం కాకపోవచ్చు. జిల్లా కేంద్రానికి యాభై అరవై కిలోమీటర్ల దూరంలో నివసించేవారికి బ్రాండ్ ఎంపికలో ఇదే ప్రధానాంశం కావాలి.

బోర్డు మీదే భారం

పాతకాలపు ఏసీలో కంప్రెసర్ ఒకే వేగంతో తిరుగుతుంది, లేదా ఆగుతుంది. దానిని నడిపేందుకు కెపాసిటర్, రిలే వంటి సాధారణ భాగాలు చాలు. ఇవి ఏ పట్టణంలోనైనా లభిస్తాయి. లోపలి యూనిట్‌లోని బోర్డు కాలిపోతే అన్ని కంపెనీలకూ సరిపోయే యూనివర్సల్ బోర్డు అమర్చి స్థానిక మెకానిక్ అదే రోజు నడిపించగలడు.

ప్రస్తుతం ఎక్కువగా అమ్ముడవుతున్న ఇన్వర్టర్ ఏసీ తీరు వేరు. ఇందులో ఔట్‌డోర్ యూనిట్‌లో ఉండే బోర్డు ఇంటి కరెంటును ముందు డీసీగా మార్చి, ఆపై గది వేడికి తగినట్లు కంప్రెసర్ వేగాన్ని హెచ్చించడం, తగ్గించడం చేస్తుంది. ఆ బోర్డు ఆ మోడల్ కంప్రెసర్‌కే అనుగుణంగా తయారవుతుంది. లోపలి బోర్డు, బయటి బోర్డు పరస్పరం సంకేతాలు పంపుకుంటూ పనిచేస్తాయి. అందువల్ల ఒక కంపెనీ బోర్డు మరొక దానికి పనికిరాదు. ఒకే కంపెనీలోనూ మోడల్ మారితే సరిపోకపోవచ్చు.

వోల్టేజీ హెచ్చుతగ్గులు, పిడుగుపాటు, చీమలు, బల్లులు, ఎలుకలు, వర్షపు తేమ ఈ బోర్డులకు శత్రువులు. గ్రామీణ ఫీడర్లపై ఆధారపడిన ప్రాంతాల్లో ఈ ముప్పు అధికం. కాబట్టి చిన్న పట్టణంలో ఇన్వర్టర్ ఏసీ కొనేవారు పరిశీలించవలసిన మొదటి విడిభాగం ఔట్‌డోర్ బోర్డు. అది సకాలంలో దొరకని బ్రాండ్ ఎంత చౌకగా లభించినా గోడకు తగిలించిన పెట్టెగానే మిగులుతుంది.

డీలర్ వేరు, సర్వీసు కేంద్రం వేరు

'మాది ఇరవయ్యేళ్ల దుకాణం, సర్వీసు మేమే చూసుకుంటాం' అన్న మాట తరచు వినిపిస్తుంది. డీలర్‌ది అమ్మకం వరకే బాధ్యత. వారంటీలో మరమ్మతు చేయవలసింది కంపెనీ గుర్తింపు పొందిన సర్వీసు కేంద్రం. ఆ కేంద్రం సాధారణంగా కంపెనీ సొంతం కాదు. ఒప్పందంపై నడిచే ప్రైవేటు సంస్థ. ఒక కేంద్రం కిందనే పలు మండలాలు ఉంటాయి.

దీనిని నిర్ధారించుకోవడానికి సులువైన మార్గం ఉంది. దుకాణంలోని డబ్బా మీదో, వారంటీ పత్రం మీదో ముద్రించిన కస్టమర్ కేర్ నంబరుకు కొనకముందే ఫోన్ చేయాలి. ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే నంబర్లను నమ్మరాదు. కస్టమర్ కేర్ పేరిట మోసగాళ్లు నకిలీ నంబర్లు పెడుతున్నారు. మీ పిన్‌కోడ్ చెప్పి, ఆ ప్రాంతం ఏ కేంద్రం పరిధిలోకి వస్తుందో, దాని చిరునామా ఏమిటో అడగాలి. తర్వాత నేరుగా ఆ కేంద్రానికే ఫోన్ చేసి మూడు సంగతులు తెలుసుకోవాలి. మీ పట్టణంలో నివసించే టెక్నీషియన్ ఉన్నాడా, లేక వారానికి ఒకటి రెండు రోజులే ఎవరైనా వస్తారా అన్నది మొదటిది. మీరు ఎంచుకున్న మోడల్ ఔట్‌డోర్ బోర్డు కేంద్రంలో నిల్వ ఉందా, లేకుంటే ఏ ఊరి డిపో నుంచి ఎన్ని రోజుల్లో వస్తుంది అన్నది రెండవది. వారంటీ ముగిశాక ఆ బోర్డు వెల ఎంత అన్నది మూడవది.

మోడల్ సంఖ్య చెప్పగానే బోర్డు ధర చెప్పగలిగిన కేంద్రం ఆ భాగాన్ని తరచు తెప్పిస్తున్నదని భావించవచ్చు. 'అప్పుడు చూద్దాం లెండి' అన్న జవాబు వస్తే అదీ ఒక సమాచారమే.

పురపాలక హద్దు అనే గీత

వారంటీ పత్రంలో చిన్న అక్షరాల్లో ఉండే ఒక షరతును పలువురు చదవరు. సర్వీసు కేంద్రం ఉన్న ఊరి పురపాలక హద్దులు దాటి టెక్నీషియన్ రావలసి వస్తే ప్రయాణ ఖర్చు వినియోగదారుడే భరించాలని అనేక కంపెనీల పత్రాల్లో ఉంటుంది. వారంటీ అమల్లో ఉన్న మొదటి ఏడాదిలోనూ ఇది వర్తించవచ్చు. భాగం ఉచితమే అయినా దానిని అమర్చే మనిషి రాక ఉచితం కాదన్నమాట.

బోర్డుకు ఐదేళ్లు, కంప్రెసర్‌కు పదేళ్లు అని ప్రకటనలు చెప్పే వారంటీని కూడా నిదానంగా చదవాలి. మొదటి ఏడాది తర్వాత ఆ వారంటీ సాధారణంగా భాగానికే పరిమితం. విజిటింగ్ చార్జీ, కూలి, గ్యాస్ నింపే ఖర్చు వేరుగా చెల్లించవలసి ఉంటుంది. వోల్టేజీ వల్లనో, ఎలుకలు, కీటకాల వల్లనో బోర్డు పాడైతే వారంటీ వర్తించదని పలు పత్రాలు చెబుతాయి. బోర్డు పాడయ్యే కారణాల్లో ఇవే ముఖ్యమైనవి కనుక, ఆ మినహాయింపు ఎంత విస్తృతంగా రాశారో రెండు బ్రాండ్ల పత్రాలను పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.

ఒక లెక్క

ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెంలో ఒక గృహస్థుడు ఒకటిన్నర టన్నుల ఏసీ కొనదలచాడని అనుకుందాం. ఈ లెక్కలోని ధరలు, రోజులు ఊహించినవే. మొదటి బ్రాండ్ ధర రూ. 36,000. దాని సర్వీసు కేంద్రం ఏలూరులో ఉంది. రాకపోకలకు 110 కిలోమీటర్లు, కిలోమీటరుకు రూ. 10 చొప్పున ఒక రాకకు రూ. 1,100 అవుతుంది. రెండవ బ్రాండ్ ధర రూ. 39,500. దాని టెక్నీషియన్ జంగారెడ్డిగూడెంలోనే ఉంటాడు. విజిటింగ్ చార్జీ, కూలి రెండింటికీ సమానమే అనుకుందాం.

ఐదేళ్లలో రెండుసార్లు బోర్డు చెడిందని, రెండుసార్లూ వారంటీ వర్తించిందని భావిద్దాం. మొదటి బ్రాండ్ టెక్నీషియన్ ఒకసారి వచ్చి లోపం గుర్తిస్తాడు, భాగం వచ్చాక మరోసారి వచ్చి అమరుస్తాడు. రెండు మరమ్మతులకు నాలుగు రాకలు, రూ. 4,400. కొనేటప్పుడు మిగిలిందనుకున్న రూ. 3,500 పోగా, రూ. 900 అదనంగా చేతి నుంచి పడింది. ఇక రోజుల సంగతి. తొలి రాకకు 3 రోజులు, భాగం రావడానికి 7 రోజులు, రెండవ రాకకు మరో 3 రోజులు, మొత్తం 13 రోజులు. రెండవ బ్రాండ్‌లో భాగానికి అదే 7 రోజులు పట్టినా, రాకలకు ఒక్కో రోజు చొప్పున 9 రోజుల్లో పని పూర్తవుతుంది. భాగం నిల్వ ఉంటే రెండు రోజులే.

అయితే మొదటి బ్రాండ్ విషయంలో ఖర్చు తగ్గించే ఉపాయం ఒకటుంది. ఇన్వర్టర్ ఏసీ చెడినప్పుడు డిస్‌ప్లే మీద అక్షరాలు, అంకెలతో ఎర్రర్ కోడ్ కనిపిస్తుంది, లేదా దీపం నిర్ణీత లెక్కలో మెరుస్తుంది. దానిని ఫోన్‌లో వీడియో తీసి, మోడల్, సీరియల్ నంబర్లతో సహా కేంద్రానికి పంపితే, అనుమానం ఉన్న బోర్డును టెక్నీషియన్ వెంట తెచ్చుకోగలడు. అప్పుడు నాలుగు రాకలు రెండవుతాయి, ఖర్చు రూ. 2,200కు తగ్గుతుంది. ఈ పరిస్థితిలో మొదటి బ్రాండే రూ. 1,300 చౌక. కోడ్ ప్రతిసారీ లోపాన్ని కచ్చితంగా చెప్పదు. సంకేతాలు అందడం లేదని సూచించే కోడ్ బోర్డు వల్లనైనా, ఎలుక కొరికిన తీగ వల్లనైనా రావచ్చు. అందువల్ల 'కోడ్ పంపితే భాగం వెంట తెస్తారా' అని కొనకముందే అడిగి తెలుసుకోవాలి. దూరం కన్నా ఈ జవాబే కొన్నిసార్లు నిర్ణయాన్ని మారుస్తుంది.

ఇరుగుపొరుగును ఏమని అడగాలి

'ఆ బ్రాండ్ మంచిదేనా' అని అడిగితే చల్లగా ఉందన్న జవాబే వస్తుంది. 'చివరిసారి చెడినప్పుడు ఫిర్యాదు ఏ రోజు చేశారు, ఏ రోజు నడిచింది, ఆలస్యం మనిషి వల్లనా, భాగం వల్లనా' అని అడగాలి. మే నెలలో చేసిన ఫిర్యాదు అనుభవానికే విలువ ఇవ్వాలి. డిసెంబరులో ఏ కేంద్రమైనా త్వరగానే వస్తుంది. ఏ కంపెనీ ఏసీకీ ప్రత్యేకంగా పనిచేయని స్థానిక మెకానిక్ ఒకరిని, ఏ బ్రాండ్ బోర్డులు తనకు బయట మార్కెట్లో దొరుకుతున్నాయో విచారించడం మరింత ఉపయోగకరం. వారంటీ ముగిశాక దిక్కు అతడే. వారంటీ నడుస్తుండగా మాత్రం బయటివారి చేత బోర్డు విప్పించరాదు. కంపెనీ ఆ కారణం చూపి వారంటీ నిరాకరించవచ్చు.

కాగితాలు భద్రం

ఇండోర్, ఔట్‌డోర్ యూనిట్ల సీరియల్ నంబర్లు రెండూ బిల్లు మీద రాయించుకోవాలి. సర్వీసు గురించి డీలర్ ఇచ్చిన హామీని బిల్లు వెనుక రాసి సంతకం చేయమనడం తప్పు కాదు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ వచ్చే నంబరును, టెక్నీషియన్ ఇచ్చే జాబ్ షీటును దాచాలి. భాగం లేనందున పని ఆగిందని జాబ్ షీటులో రాయించడం మరువరాదు.

భాగం రాక వారాలు గడిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. 2020 జులై నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ కార్యాలయం ఎక్కడ ఉన్నా, వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. అక్కడ మాటకన్నా జాబ్ షీటుకే బలం. ఏసీ బిల్లుతోపాటు ఆ కాగితాలనూ ఒకే సంచిలో ఉంచుకున్నవారికి సగం పని ముందే పూర్తయినట్లు.