సగటు బొమ్మ ఎవరి సొమ్ము? యంత్రసృష్ట ప్రకటనల్లో బ్రాండ్ గుర్తింపు

యంత్రం గీసే బొమ్మలు, రాసే మాటలు ఒకే మూసలో ఉంటున్నాయన్న ఫిర్యాదును పరిశోధకులు సమాజానికి జరిగే నష్టంగానే లెక్కగట్టారు. దీనికి మూలం 2024లో సైన్స్ అడ్వాన్సెస్‌లో దోషి, హౌసర్ ప్రచురించిన ప్రయోగం. యంత్రమిచ్చిన ఊహలతో రాసిన చిట్టి కథలు విడివిడిగా మెరుగ్గా అనిపించాయి, కలిపి చూస్తే మాత్రం ఒకదానికొకటి దగ్గరయ్యాయి. అంటే లాభం రాసినవారిది, నష్టం అందరిదీ. కథల వరకు ఇది ఒప్పుకోవచ్చు. బ్రాండ్‌కు కూడా ఇదే లెక్క వర్తిస్తుందనడంతోనే నా పేచీ. పక్కవాడిలా కనిపించే బ్రాండ్‌కు విడిగా మిగిలే లాభమేదీ లేదు.

2022లో రీథింక్ ఏజెన్సీ హైంజ్ కోసం డాల్-ఈ 2ను 'కెచప్' బొమ్మ అడిగింది. బ్రాండ్ పేరు చెప్పకపోయినా హైంజ్ సీసాను పోలిన సీసాలే వచ్చాయి. వాటినే ప్రకటనగా వేశారు. మెచ్చుకున్నవారు ఇందులో రెండో వైపు చూడలేదు. యంత్రం తాను ఎక్కువగా చూసిన సీసావైపే మొగ్గుతుంది. కాబట్టి వెనకబడిన కంపెనీ అదే బొమ్మ అడిగితే పోటీదారు పోలికే చేతికొస్తుంది.

కోనసీమలోని ఒక చిన్న పచ్చళ్ల సంస్థ పాత, కొత్త ప్రకటనలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కనిపించిందీ ఇదే. యంత్రం గీసిన కొత్త బొమ్మలో ఆవకాయ ముక్కకు టెంక లేదు, పైన తేరిన నూనె లేదు. అది ఏదో ఒక మామిడి పచ్చడి. పాత ప్రకటనలో "కారం ఎక్కువేనండి, పిల్లలకైతే నెయ్యేసి కలపండి" అని ఉండేది. యంత్రం మొదట అచ్చుతప్పులే దిద్దింది. ఆ వెంట 'అండి' పోయింది. దిద్దిన ప్రతినే తర్వాతిదానికి నమూనాగా ఇస్తూ పోయారు. చివరికి "ప్రతి ముద్దలో అమ్మ ప్రేమ" మిగిలింది. ఏ మార్పుకామార్పు చిన్నదే కనుక ఎవరూ ఆపలేదు. పేరు కప్పేసి చూస్తే ఆ వాక్యం ఏ పచ్చడి సీసాకైనా అతుకుతుంది. సొంత పాత ప్రకటనలతో యంత్రానికి తర్ఫీదిస్తే చాలనేవారున్నారు గాని, చిన్న సంస్థల దగ్గర అంత సరుకుండదు.

ఇంత చేసినా ఆ బొమ్మ తమదేనని చెప్పుకోవడం కష్టం. 2023లో అమెరికా కాపీరైట్ కార్యాలయం 'జార్యా ఆఫ్ ది డాన్' పుస్తకంలో రచయిత్రి మాటలకు, కూర్పుకు హక్కు ఉంచి, మిడ్‌జర్నీ బొమ్మలకు నిరాకరించింది. మన 1957 చట్టంలోని సెక్షన్ 2(డి)(vi) కంప్యూటర్ సృష్టికి, దాన్ని సృష్టింపజేసిన వ్యక్తినే కర్తగా చెబుతుంది. ఆ వ్యక్తి మాట టైపు చేసిన ఏజెన్సీ ఉద్యోగా, పని చెప్పిన యజమానా, సాధనం తయారుచేసిన కంపెనీయా అన్నది తేల్చదు. రేపు ఎవరైనా ఆ లేబుల్ బొమ్మను ఎత్తుకుంటే, యజమాని మొదట ఈ ప్రశ్నకే జవాబు చెప్పుకోవాలి. చిత్రకారుడు గీసిన లేబుల్‌కైతే అతని స్కెచ్చులు, బిల్లు, హక్కుల బదిలీ పత్రం ఉంటాయి. కనుక యంత్రం బొమ్మ మీద నిలబెట్టిన బ్రాండ్‌కు మార్కెట్లో ముఖమూ లేదు, కోర్టులో కాగితమూ లేదన్నదే నా నిర్ధారణ.