అక్షర మార్పు ప్రహేళిక

ఒక పదంలో ఒక అక్షరాన్ని చేర్చి, తీసి లేదా మార్చి మరో పదాన్ని రాబట్టే పదక్రీడ అక్షర మార్పు ప్రహేళిక. వీటిలో అక్షరాన్ని మార్చే రకాన్ని లూయిస్ కారల్ 1877లో ‘డబ్లెట్స్’ పేరుతో రూపొందించాడు. 1879లో ‘వానిటీ ఫెయిర్’ పత్రిక దాన్ని ప్రచురించింది. 1981లో మొదలైన ఎమ్‌ఐటీ మిస్టరీ హంట్ వంటి పజిల్ పోటీల్లో అక్షరాన్ని తీసే రకం తరచు చివరి మెట్టుగా వస్తుంది: తీసేసిన అక్షరాలను వరుసగా చదివితే జవాబు తేలుతుంది.

తెలుగులో ‘కవల, పనస, కంగారు’ ఇచ్చి ఆధారాలుగా ‘చేపలు పట్టేది, సత్తువ, గౌరవవాచకం’ అంటే, మిగిలేవి వల, పస, గారు. తొలగినవి క, న, కం, అంటే ‘కనకం’. ఆధారం లేకపోతే ‘కవల’లో వ తీసి ‘కల’ అనీ చదవవచ్చు. అప్పుడు వచ్చే ‘వనకం’ అర్థం లేని మాట కావడంతో పొరపాటు బయటపడుతుంది. గుణింతపు గుర్తును, ఒత్తును విడి అక్షరాలుగా లెక్కించాలా అన్నది కూర్పరి ముందే తేల్చాలి.