మూడు అంకెలు – ఒక జోస్యం

పాఠ్యగ్రంథాలలో చిన్న పట్టిక ఒకటి ఇచ్చి, చివరి గడి ఖాళీగా ఉంచి, 'అంచనా వేయుము' అని అడగడం పరిపాటి. అమెరికా సంయుక్త రాష్ట్రాల జనాభాను గురించి అటువంటి ప్రశ్నకే 1920లో ఇద్దరు శాస్త్రజ్ఞులు జవాబు చెప్పారు. వారు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్. వారు ఆధారంగా తీసుకొన్న అంకెలు ఇవి:

1790 – 39 లక్షలు
1850 – 2 కోట్ల 32 లక్షలు
1910 – 9 కోట్ల 20 లక్షలు

జనాభా మొదట త్వరత్వరగా పెరిగి, సగందూరం వెళ్ళాక మందగించి, చివరకు ఒక అవధివద్ద నిలుస్తుందని వారు భావించారు. ఇట్టి నడకను చూపే రేఖకు లాజిస్టిక్ వక్రరేఖ అని పేరు. ఆ రేఖ ప్రకారం అమెరికా జనాభా 19 కోట్ల 73 లక్షలకు మించరాదు. 1930కి 12 కోట్ల 24 లక్షలని లెక్క తేలింది. ఆ యేటి జనగణనలో వచ్చినది 12 కోట్ల 28 లక్షలు. చూచినవారు ఆశ్చర్యపడటం సహజమే. కాని 1960కి లెక్కప్రకారం 15 కోట్ల 92 లక్షలు ఉండవలసినచోట 17 కోట్ల 93 లక్షలున్నారు. 1970లో జనాభా 20 కోట్ల 32 లక్షలై ఆ అవధినే దాటిపోయింది.

పొరపాటు ఎక్కడ ఉన్నది? ఈ రేఖలో నిర్ణయించవలసిన స్థిరాంకాలు మూడు. చేతిలో ఉన్న బిందువులూ మూడే. కనుక రేఖ వాటిగుండా సరిగ్గా పోవడం దాని సత్యానికి సాక్ష్యం కాదు. తక్కిన జనగణనల అంకెలుకూడా రేఖకు దగ్గరగానే పడిన మాట నిజమే. అయితే అవధిలో సగం 9 కోట్ల 86 లక్షలు; 1910 నాటికి జనాభా అంతవరకు చేరలేదు. అంటే పెరుగుదల మందగించే భాగాన్ని ఎవరూ చూడకముందే అవధిని నిర్ణయించారన్నమాట. 1910 అంకెను నూటికి 5 వంతులు పెంచి లెక్కవేస్తే, అవధి సుమారు 23 కోట్లకు పోతుంది!

అవే మూడు బిందువులగుండా పరావలయాన్ని కూడా గీయవచ్చు. అది 1970కి 21 కోట్ల 3 లక్షలని చెబుతుంది. లాజిస్టిక్ రేఖ 16 కోట్ల 79 లక్షలంటుంది. పరావలయమే నిజానికి దగ్గరగా ఉన్నది గదా అని దానిని నమ్మరాదు. దానినే వెనుకకు పొడిగిస్తే 1730లో అక్కడ 3 కోట్ల 42 లక్షలమంది ఉండేవారని తేలుతుంది. అంటే తరువాతి అరవై ఏళ్ళలో జనం తొమ్మిదోవంతుకు తగ్గిపోయారనాలి!

పైగా 1924 నాటి వలస నిర్బంధాలుగాని, 1930ల ఆర్థికమాంద్యంగాని, రెండవ ప్రపంచయుద్ధానంతరం పెరిగిన జననాలుగాని 1910 వరకున్న అంకెలలో కనిపించవు. అందుచేత అటువంటి ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చాలదు. ఏ రేఖను ఊహించినదీ, మరొక రేఖ ఐతే జవాబు ఎంత మారేదీ కూడా దాని ప్రక్కనే వ్రాయాలి. పట్టిక దాటి దూరం పోయినకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. 1930కి ఈ రెండు రేఖల నడుమ తేడా 35 లక్షలే. 1970 నాటికి అది 4 కోట్లు దాటింది.