చివరి 33 సెక్టార్లు

సంక్రాంతి సెలవుల్లో ఒక పెన్‌డ్రైవ్‌ను ఖాళీ చేద్దామని కూర్చుని, ఇంటిల్లిపాది ఫొటోలూ దాచుకున్న ఒక టెరాబైట్ డిస్క్ మొదలును తుడిచేశాను. పెన్‌డ్రైవ్ పేరు sdc, డిస్క్ పేరు sdb. నేను కొట్టింది ఇది:

```
dd if=/dev/zero of=/dev/sdb bs=1M count=1
```

రెప్పపాటులో అయిపోయింది. చూస్తే డిస్క్ ఉంది, అందులో పార్టిషన్ ఒక్కటీ లేదు. అమ్మ షష్టిపూర్తి ఫొటోలు ఇంకెక్కడా లేవు. చేతులు చల్లబడ్డాయి. అయినా అవి తిరిగొచ్చాయి. ఎలా వచ్చాయో చెప్పాలంటే 1983 నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది మార్చిలో ఐబీఎం 10 మెగాబైట్ల హార్డ్‌డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీని విడుదల చేసింది. దానితో వచ్చిన డాస్ 2.0 లో ఒక ఏర్పాటు ఉంది. ఒకే డిస్క్‌లో డాస్‌తో పాటు వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉండేలా, డిస్క్‌ను నాలుగు వాటాల దాకా పంచుకోవచ్చు. ఆ వాటాల హద్దులు రాసే పట్టికే పార్టిషన్ టేబుల్. డిస్క్ మొట్టమొదటి సెక్టార్‌లో, అంటే 512 బైట్లలో, అది ఆక్రమించేది 64 బైట్లే. ఒక్కో వాటాకు 16 బైట్లు: ఎక్కడ మొదలు, ఎంత పొడవు, ఏ రకం. ఫైళ్ల సంగతి దానికి తెలియదు. మన ఊళ్లో అడంగల్ లాంటిదన్నమాట. అడంగల్‌లో పేజీ చిరిగితే చేలో పంట ఎక్కడికీ పోదు. పార్టిషన్‌ను డిలీట్ చేసినప్పుడు సున్నాలయ్యేది ఆ 16 బైట్లే.

చిక్కల్లా ఆ పేజీకి నకలు లేకపోవడం. మొదటి సెక్టార్ పోతే హద్దులన్నీ పోయినట్టే. అందుకే కొందరు చేలోకి దిగి సర్వే రాళ్లు వెతికే ప్రోగ్రాములు రాశారు. వాటిలో అందరికీ తెలిసింది ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తన మొదలు నుంచి 1024 బైట్ల తర్వాత ఒక సూపర్‌బ్లాక్ రాసుకుంటుంది. అందులో EF53 అనే గుర్తు, తన పొడవు రెండూ ఉంటాయి. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టార్‌కు ఇంకో ప్రతిని వాటా చివర్లో పెట్టుకుంటుంది. టెస్ట్‌డిస్క్ డిస్కంతా నడిచి ఈ గుర్తులను పట్టుకుని హద్దులు మళ్లీ గీస్తుంది. అయితే ఎప్పుడో తీసేసిన పాత పార్టిషన్ల రాళ్లు కూడా దానికి తగులుతాయి. అందుకే దొరికిన ప్రతి పార్టిషన్ మీదా P నొక్కి, లోపల మన ఫైళ్ల పేర్లు కనిపిస్తేనే పట్టిక రాయించాలి.

నకలు లేని లోటు తీరింది 1990ల చివర్లో ఇంటెల్ మొదలుపెట్టిన ఈఎఫ్‌ఐ పుణ్యమా అని. అందులో భాగంగా వచ్చిన జీపీటీ అనే కొత్త పట్టిక డిస్క్ మొదట్లో ఒకసారి, చిట్టచివరి 33 సెక్టార్లలో ఇంకోసారి ఉంటుంది. నా డిస్క్ జీపీటీదే. నేను తుడిచింది మొదటి ఒక మెగాబైట్, అంటే 2048 సెక్టార్లు. ఈ కాలపు డిస్కుల్లో మొదటి పార్టిషన్ మొదలయ్యేదే 2048వ సెక్టార్ దగ్గర. పట్టిక పోయింది గానీ ఫొటోల మీద ఒక్క సున్నా కూడా పడలేదు. డాస్ కాలపు అలవాటు ప్రకారం 63వ సెక్టార్ నుంచి మొదలయ్యే పాత డిస్క్ అయివుంటే ఫైల్‌సిస్టమ్ తల కూడా ఎగిరిపోయేది.

ముందు డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా, బావమరిది దగ్గర పెద్ద డిస్క్ తెచ్చి మొత్తం నకలు తీసుకున్నాను. తర్వాత `gdisk /dev/sdb` అని కొట్టాను. మొదటి పట్టిక చెడిందనీ, చివరిది బాగుందనీ చెప్పి, ఉన్న జీపీటీనే వాడమంటావా, ఖాళీది చేయమంటావా అని అడిగింది. ఉన్నదే వాడమన్నాను. p కొడితే పాత పార్టిషన్ కనిపించింది, v కొడితే లోపాలేమీ లేవంది. అప్పుడే w కొట్టాను. అది కొట్టేదాకా gdisk డిస్క్ మీద ఏమీ రాయదు. ఆ తర్వాత చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంట్ చేసి ఫొటోలు తెరిచాను. షష్టిపూర్తి పీటల మీద అమ్మా నాన్నా కనిపించారు.

అదే `count=1` రాయడం మరచిపోయి వుంటే డిస్కంతా సున్నాలయ్యేది, ఏ పరికరమూ కాపాడేది కాదు. ఎస్‌ఎస్‌డీని పొరపాటున ఫార్మాట్ చేసినా ఆశ తక్కువే. ఫార్మాట్ చేసే ప్రోగ్రామే ఈ చోటు ఇక అక్కర్లేదని డిస్క్‌కు చెప్పేస్తుంది, పాత డేటాను డిస్క్ తానే వదిలేస్తుంది.

పట్టిక నకలును ఒక ఫైలులోకి ఎక్కించడానికి ఒక్క వరుస చాలు:

```
sfdisk -d /dev/sdb > sdb-table.txt
```

ఈ ఫైలును అదే డిస్క్‌లో కాకుండా వేరేచోట దాచండి. వీలైతే ఇవాళే చేయండి.