పెట్టె గీసే నియమం: వరి మచ్చల గుర్తింపులో లేబులింగ్ పాత్ర

సారాంశం: వరిలో అగ్గితెగులునూ గోధుమరంగు మచ్చ తెగులునూ ఫోన్ ఫొటోల్లో గుర్తించే డిటెక్టర్ ఎంత నమ్మదగినదో చాలావరకు లేబులింగ్ దశలోనే తేలిపోతుంది. మచ్చ హద్దు, దాని పరిమాణం, పరీక్షకు ఫొటోలను వేరుచేసే తీరు అనే మూడు నిర్ణయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. నేపథ్యం

మొహంతి, హ్యూస్, సలాతే 2016లో ప్లాంట్‌విలేజ్ సేకరణలోని 54,306 ఆకు ఫొటోలతో ప్రయోగం చేశారు. అదే సేకరణ నుంచి పక్కన పెట్టిన ఫొటోల మీద వారి మోడల్ 99.35 శాతం సరిగ్గా చెప్పింది. వేరే చోట్ల నుంచి తెచ్చిన ఫొటోల మీద మాత్రం 31 శాతం దగ్గరే ఆగిపోయింది. ఆ సేకరణలో ఒక్కో ఫొటోకు ఒక్కో ఆకు, వెనక సాదా నేపథ్యం. వరి మడిలో తీసిన ఫొటోలో ఆకు మీద ఆకు పడుతుంది, నీళ్లు మెరుస్తాయి, రెండు తెగుళ్లు ఒకే ఆకు మీద ఉండొచ్చు. కాబట్టి ఫొటో మొత్తానికి ఒక పేరు పెడితే చాలదు. ప్రతి మచ్చ చుట్టూ పెట్టె గీసి, దానికి పేరు పెట్టాలి.

2. ఏది ఒక మచ్చ?

అగ్గితెగులు మచ్చ నూలుకండె ఆకారంలో ఉంటుంది: రెండు కొనలూ మొనదేలి, నడుమ బూడిద రంగు, అంచున గోధుమ రంగు. గోధుమరంగు మచ్చ గుండ్రంగానో కోలగానో ఉండి, చుట్టూ తరచూ పసుపు వలయం కనిపిస్తుంది. ఈ తేడా రైతు ఖర్చును నిర్ణయిస్తుంది. గోధుమరంగు మచ్చ పోషకాలు తగ్గిన నేలల్లో ఎక్కువ. అగ్గితెగులు నత్రజని ఎక్కువైతే ముదురుతుంది. అగ్గితెగులును తట్టుకోలేని సాంబ మసూరి రకంలో అగ్గితెగులు మచ్చను పోషక లోపమని పొరబడి యూరియా చల్లితే తెగులుకు ఊతమిచ్చినట్టే.

అందువల్ల లేబులింగ్ మొదలుకాకముందే నియమాలు రాతలో ఉండాలి. పసుపు వలయం పెట్టె లోపలే ఉండాలి, ఎందుకంటే గుర్తింపుకు అదే ఆధారం. కలిసిపోయిన మచ్చల మధ్య హద్దు కనిపించకపోతే వాటన్నిటికీ కలిపి ఒకే పెట్టె గీయాలి. గీయకుండా వదిలేసిన మచ్చను మోడల్ ఆరోగ్యమైన ఆకుగా నేర్చుకుంటుంది కాబట్టి ఒక్క మచ్చనూ వదలకూడదు. సూదిమొన చుక్కల దశలో రెండు తెగుళ్లూ ఒకేలా ఉంటాయి. అలాంటి చుక్కలను ‘సందేహం’ అని గుర్తుపెట్టి, తెగుళ్ల నిపుణులు తేల్చేదాకా ఫొటోలోని ఆ భాగాన్ని శిక్షణకు వాడకూడదు. కొన్ని ఫొటోలకు ఇద్దరు విడివిడిగా పెట్టెలు గీసి పోల్చుకుంటే, నియమం ఎక్కడ అస్పష్టంగా ఉందో బయటపడుతుంది.

3. పిక్సెళ్ల లెక్క

4000×3000 పిక్సెళ్ల ఫొటోలో ఒక అగ్గితెగులు మచ్చ 160×60 పిక్సెళ్లు ఉందనుకుందాం. యోలో పద్ధతిలో దాని లేబుల్ ఇలా ఉంటుంది:

```
0 0.46 0.42 0.04 0.02
```

మొదటి అంకె తెగులు సంఖ్య. తర్వాతివి వరుసగా పెట్టె కేంద్రం అడ్డంగా, నిలువుగా ఎక్కడుందో, దాని వెడల్పు, ఎత్తు ఎంతో ఫొటో కొలతల్లో భాగంగా చెబుతాయి.

శిక్షణలో ఫొటోను 640 పిక్సెళ్ల వెడల్పుకు కుదిస్తే ఈ మచ్చ సుమారు 26×10 పిక్సెళ్లవుతుంది. 40×40 చుక్క అయితే 6 పిక్సెళ్లకు పడిపోతుంది. యోలో మోడళ్లలో సాధారణంగా అతి సన్నని గడి 8 పిక్సెళ్లు. చుక్క అంతకన్నా చిన్నదైపోయింది. ఫొటోను కుదించకుండా 640 పిక్సెళ్ల ముక్కలుగా, అయిదోవంతు ఒకదానిమీదొకటి పడేలా కోస్తే చుక్క చుక్కగానే నిలుస్తుంది. అయితే అప్పుడు ఒక్క ఫొటోకు 48 ముక్కలవుతాయి. మామూలు ఫోన్‌కు అది భారం. ఆకును చేత్తో పట్టుకుని దగ్గరగా ఫొటో తీయమని రైతుకు చెప్పడం అంతకన్నా తేలిక. అలా చేస్తే శిక్షణలోనూ అలాంటి ఫొటోలే ఉండాలి.

మూల్యాంకనంలోనూ పరిమాణం ప్రభావం కనిపిస్తుంది. కుదించని ఫొటోలో డిటెక్టర్ పెట్టె రెండు దిశల్లోనూ 10 పిక్సెళ్లు జరిగితే, పెద్ద మచ్చకు అతివ్యాప్తి నిష్పత్తి 0.64 వస్తుంది. చుక్కకు 0.39 మాత్రమే. గీత 0.5 దగ్గర ఉంటే చుక్కను పట్టుకున్నా పట్టనట్టే లెక్క. కాబట్టి పెద్ద, చిన్న మచ్చల ఫలితాలను వేర్వేరుగా చూపాలి.

4. పొలం వారీగా వేరుచేయాలి

ఒకే మడిలో వరసగా తీసిన ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో కొన్ని శిక్షణకూ కొన్ని పరీక్షకూ వెళ్తే, మోడల్ చూసినదాన్నే మళ్లీ చూసి మంచి మార్కులు తెచ్చుకుంటుంది. ముక్కలు కోయకముందే పొలాలను విడదీసి, పరీక్ష పొలాల్లోంచి ఒక్క ఫొటో కూడా శిక్షణలోకి రాకుండా చూడాలి. ఫొటోలను కలగాపులగంగా పంచినప్పుడు బాగున్న ఫలితం పొలం వారీగా పంచగానే పడిపోతే, మోడల్ మచ్చను కాక మడిని గుర్తుపట్టిందని అనుమానించాలి.

ఇంకో లోపం సులువుగా కంటబడదు. ఫోన్ నిలువు ఫొటోను తరచూ అడ్డంగానే భద్రపరిచి, తిప్పి చూపమనే సూచనను పక్కన రాస్తుంది. లేబులింగ్ సాధనం ఆ సూచనను పాటించి, శిక్షణ ప్రోగ్రాం పాటించకపోతే పెట్టెలు తప్పు చోట్ల పడతాయి. శిక్షణకు ముందు కొన్ని ఫొటోల మీద లేబుళ్లను గీయించి కంటితో చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది.

ముగింపు

డిటెక్టర్ మచ్చను చూపగలదు గానీ నేలలో ఏ పోషకం తగ్గిందో చెప్పలేదు. దాని సమాధానాన్ని మందు సిఫారసుగా తీసుకోకూడదు. నియమాల పత్రం, సందేహపు మచ్చల జాబితా, మచ్చల పరిమాణం వారీగానూ పొలం వారీగానూ ఫలితాలు ప్రచురించని మోడల్‌ను, దాని శాతం ఎంత ఎక్కువున్నా, రైతు చేతికి ఇవ్వకూడదు.