ఏడాదిలో నష్టం వచ్చే అవకాశం ఎంత? లెక్క వేసుకునే పద్ధతి

వచ్చే ఏడాది హజ్‌కి వెళ్దామని ఒక కుటుంబం నాలుగు లక్షలు కూడబెట్టింది. వడ్డీ వద్దు కాబట్టి ఫిక్స్‌డ్ డిపాజిట్ జోలికి పోలేదు. షేర్ల ఫండ్‌లో పెడితే సగటున ఏడాదికి 12 శాతం వస్తుందని ఎవరో చెప్పారు. ఆ మాట విన్నవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఏడాది తిరిగేసరికి నాలుగు లక్షల కంటే తక్కువ మిగిలే అవకాశం ఎంత?

దీనికి రెండు అంకెలు కావాలి. ఒకటి సగటు రాబడి. రెండోది స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఒక్కో ఏడాది రాబడి ఆ సగటుకి ఎంత దూరంగా పోతూ ఉంటుందో చెప్పే కొలత. మన ఉదాహరణలో సగటు 12, స్టాండర్డ్ డీవియేషన్ 20 అనుకుందాం. రాబడులు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌ను, అంటే గంట ఆకారపు వక్రరేఖను అనుసరిస్తాయని కూడా అనుకుందాం. అప్పుడు మూడింట రెండు వంతుల ఏళ్లలో రాబడి మైనస్ 8 నుంచి 32 శాతం మధ్య ఉంటుంది.

నష్టం అంటే రాబడి సున్నా కంటే తక్కువ. సున్నా నుంచి సగటును తీసేసి, స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించాలి: (0 − 12) / 20 = −0.6. దీన్నే జెడ్ విలువ అంటారు. నార్మల్ డిస్ట్రిబ్యూషన్ పట్టికలో −0.6కి ఎడమవైపు వైశాల్యం 0.274. కంప్యూటర్‌లో అయితే ఎక్సెల్ గడిలో ఇది టైప్ చేస్తే చాలు:

```
=NORM.DIST(0,12,20,TRUE)
```

జవాబు 27 శాతం. సగటు 12 అని విన్న మనిషికి, నాలుగేళ్లలో ఒక ఏడాది కంటే కాస్త ఎక్కువగానే నష్టం ఉంటుందని తోచదు.

సరే, సగం డబ్బు అంటే రెండు లక్షలు వడ్డీ లేని కరెంట్ ఖాతాలో ఉంచి, మిగతా సగమే ఫండ్‌లో పెడితే? మొత్తం మీద సగటు 6, స్టాండర్డ్ డీవియేషన్ 10 అవుతాయి. జెడ్ మళ్లీ −0.6. నష్టం వచ్చే అవకాశం అదే 27 శాతం! చాలామంది ఇక్కడే పొరబడతారు. మారింది అవకాశం కాదు, నష్టం పరిమాణం. 10 శాతానికి మించి, అంటే నలభై వేల కంటే ఎక్కువ పోయే అవకాశం చూడండి: మొదటి పద్ధతిలో జెడ్ −1.1, సుమారు 13.6 శాతం. సగం నగదు ఉంటే జెడ్ −1.6, ఐదున్నర శాతం. ప్రయాణం ఆగిపోయేది ఇలాంటి దెబ్బకే కాబట్టి, సున్నా బదులు మీరు ఎంత తగ్గితే తట్టుకోలేరో ఆ గీత దగ్గర లెక్క వేయడమే మంచిది.

ఆ సగం నగదుగా కాకుండా బంగారంలో పెడితే వేరే సంగతి. బంగారానికి సగటు 9, స్టాండర్డ్ డీవియేషన్ 15 అనుకుందాం. రెండూ చెరి సగం అయితే సగటు 10.5. స్టాండర్డ్ డీవియేషన్ కూడా అలాగే సగటు చేసి 17.5 అనకూడదు, అలా అంటే మళ్లీ 27 శాతమే వస్తుంది. షేర్లకూ బంగారానికీ పరస్పర సంబంధం లేకపోతే వర్గాలు కలపాలి: 10 వర్గం 100, 7.5 వర్గం 56.25, మొత్తం 156.25, దాని వర్గమూలం 12.5. జెడ్ −0.84, నష్టం అవకాశం 20 శాతం. రెండూ కలిసే పడే అలవాటు ఉంటే ఈ లాభం తగ్గుతుంది.

అంకెలు ఎక్కడివో కూడా చూసుకోవాలి. నెలవారీ స్టాండర్డ్ డీవియేషన్ ఇస్తే దాన్ని 12తో కాదు, 12 వర్గమూలంతో, అంటే దాదాపు 3.46తో గుణించాలి. సగటు మరీ నమ్మలేని అంకె. ఫండ్ బాగా పెరిగిన ఐదేళ్లను చూసి 12 అన్నారనుకోండి, అసలు 8 అయితే అవకాశం 27 నుంచి 34 శాతానికి చేరుతుంది.

గంట ఆకారానికీ ఒక హద్దు ఉంది. సెన్సెక్స్ 2007 చివర దాదాపు 20,287 దగ్గర ఉండి, 2008 చివరికి 9,647 దగ్గరికి వచ్చింది. అంటే 52 శాతం పతనం. మన అంకెలతో అది జెడ్ −3.2, లెక్క ప్రకారం పద్నాలుగు వందల ఏళ్లకు ఒకసారి జరగాలి. సెన్సెక్స్ మొదలైందే 1986లో. మామూలు ఏళ్లకు ఈ పద్ధతి ఇచ్చే 27 శాతం పనికొస్తుంది గానీ, సగం డబ్బు పోయే అవకాశాన్ని ఇది బాగా తక్కువ చేసి చూపిస్తుంది.