నీలం పడని వీధులు

బుడమేరును బెజవాడ దుఃఖదాయిని అని ఊరికే అనలేదు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే ఈ వాగు ఏడాదిలో చాలా కాలం మురుగు కాల్వలా పడి ఉంటుంది. 2005లో ఒకసారి తన దారి తాను వెతుక్కుంది. తర్వాత ఊరు ఆ సంగతి మరిచి, ఆ దారి మీదే ఇళ్లు కట్టుకుంది.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1. వాయుగుండం వాన. వెలగలేరు నుంచి బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాల్వకు ఆ రోజుల్లో అవతల చోటు లేదు. కృష్ణే పోటెత్తి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. కాల్వ కట్టకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక మునిగాయి. మేడలున్నవాళ్లు పైకెక్కి నీళ్ల కోసం, పాల కోసం ఎదురుచూశారు.

ఆకాశం నుంచి చూసే కళ్లున్నాయి కదా, ఎవరెక్కడ చిక్కుకున్నారో ఎందుకు చెప్పలేకపోయాయి? మామూలు కెమెరా ఉపగ్రహాలకు ఆ రెండు రోజులూ కనిపించేది మబ్బు తెల్లదనమే. మబ్బును దాటి చూడగలిగేది రాడార్. అది తన సంకేతాన్ని తానే పంపి, తిరిగొచ్చిన దాన్ని కొలుస్తుంది. కానీ రాడార్ ఉపగ్రహం మన తల మీద నిలబడి ఉండదు. ఐరోపావాళ్ల సెంటినెల్-1 జంటలో ఒకటి 2021 డిసెంబర్ 23న కరెంటు సరఫరా లోపంతో మూగబోయింది. దాని స్థానంలోకి వచ్చినది 2024 డిసెంబర్‌లో గాని పైకి లేవలేదు. మిగిలిన ఒక్కటీ అదే కక్ష్యలో తిరిగి అదే చోటికి రావాలంటే 12 రోజులు పట్టేది. మన ఈఓఎస్-04 2022 ఫిబ్రవరి నుంచి తిరుగుతోంది గాని, దాని వంతూ దానిదే. వరద మాత్రం ఎవరి వంతు కోసమూ ఆగదు.

సరే, రాడార్ బొమ్మ దొరికిందనుకుందాం. విశ్లేషకుడు వరదకు ముందటి బొమ్మనూ తర్వాతి బొమ్మనూ పక్కపక్కన పెడతాడు. కదలని నీరు అద్దంలా సంకేతాన్ని అవతలికి విసిరేస్తుంది. తిరిగొచ్చేది తక్కువ కాబట్టి బొమ్మలో నల్లగా పడుతుంది. ముందు నల్లగా లేక ఇప్పుడు నల్లబడ్డ చోట్లకు నీలం రంగు వేస్తారు. అదే వరద పటం. బయలు నేల మీద ఈ పద్ధతి చాలావరకు పనిచేస్తుంది.

వీధిలోకొచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. రాడార్ ఏటవాలుగా చూస్తుంది. సంకేతం వీధిలోని నీటి మీద పడి, ఎదురింటి గోడకు తగిలి, రెండు దెబ్బలతో నేరుగా ఉపగ్రహానికే తిరిగివస్తుంది. అంటే మునిగిన వీధి నల్లబడడానికి బదులు ఇంకా తెల్లగా మెరుస్తుంది. పైగా సెంటినెల్ బొమ్మలో ఒక్కో గడి 10 మీటర్లు. సింగ్‌నగర్ సందులు ఎన్ని అంత వెడల్పున్నాయి? నల్లటి చోట్లనే వెతికే పటంలో నడుముల్లోతు నీళ్లలో ఉన్న కాలనీ పొడినేలగా మిగిలిపోతుంది.

దీనికి విషాదమైన మరో సగం ఉంది. అది వరినాట్ల కాలం. కృష్ణా డెల్టా పొలాల్లో రైతు పెట్టిన నీరే నిలబడి ఉంటుంది. కొల్లేటి వైపు చేపల చెరువులు ఎప్పుడూ నిండే ఉంటాయి. ముందటి బొమ్మ నాట్లకు ముందు తీసినదైతే, ఏ ఆపదా లేని మడి కూడా నీలమవుతుంది. మునగని పొలానికి రంగు పడుతుంది, మునిగిన ఇంటికి పడదు. పడవలు ఎటు పంపాలో ఈ పటాన్నే నమ్మి నిర్ణయిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇక లోతు. ఉపగ్రహం నీటి అంచును చూపగలదు గాని, నీరు మోకాలి దాకానా మెడ దాకానా అన్నది చెప్పదు. నేల ఎత్తుల పటంతో కలిపి లెక్కగట్టాలి. అందరికీ దొరికే ఎత్తుల పటాల్లో తప్పు కొన్ని మీటర్లు. ఇళ్ల కప్పులు కూడా నేలగా లెక్కలోకి వస్తాయి. మనిషి మునిగేది ఆ తప్పుకన్నా తక్కువ లోతులోనే. బల్లపరుపు డెల్టాలో ఆ తప్పు మొత్తం లెక్కనే తినేస్తుంది. నిజమైన లోతు పడవ నడిపినవాళ్లకు తెలుసు. గోడ మీద బురద గీతకు తెలుసు. లెవెలింగ్ పరికరంతో ఆ గీతల ఎత్తును సముద్రమట్టం నుంచి కొలిచి, వీధివారీగా రాసిపెట్టుకుంటే, తర్వాతిసారి రాడార్ బొమ్మ పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. ఆ కొలత గోడలకు సున్నం పడకముందే చేయాలి. దానికి ఉపగ్రహం అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు.

సెప్టెంబర్ మొదటి వారం గడిచేసరికి సైన్యం కూడా చేయి వేయగా గండ్లు పూడ్చారు. ఆ లోపు మునిగిన ఇళ్లకు అన్నం పొట్లాలు మోసింది ట్రాక్టర్లూ, పడవలూ, డ్రోన్లూ. డ్రోన్ మబ్బుల కిందే ఎగురుతుంది గనుక, దాని కెమెరాకు మేడ మీద చేతులూపేవాళ్లు కనిపించారు.